ఫిబ్రవరి 1 నుంచి వైండింగ్ రేట్లు మారుతున్నాయి: మా దగ్గర బోరు మోటార్లు కట్టించుకునే రైతులకు బహిరంగ లేఖ

జనగామ జిల్లా,
2025 నవంబరు 10

ఏళ్ళుగా మా షాపుకే మోటార్లు తెస్తున్న రైతులందరికీ నమస్కారం.

2026 ఫిబ్రవరి 1 నుంచి సబ్‌మర్సిబుల్ మోటార్ల రీవైండింగ్ రేట్లు పెంచుతున్నాం. 5 హెచ్‌పీ మోటారుకు ఇప్పుడు 5,500 రూపాయలు తీసుకుంటున్నాం, అది 7,000 అవుతుంది. 3 హెచ్‌పీకి 4,200 ఉన్నది 5,300 అవుతుంది. ఏడున్నర హెచ్‌పీకి 7,250 ఉన్నది 9,250 అవుతుంది. ఇందులోంచి మీ పాత రాగికి వచ్చే డబ్బు తీసేస్తాం. ఆ లెక్క కింద వివరంగా ఉంది, దాన్ని తప్పకుండా చదవండి. మీ చేతి నుంచి నిజంగా ఎంత పోతుందో తేలేది అక్కడే.

జనవరి 31 సాయంత్రం లోపు షాపుకు చేరిన ప్రతి మోటారుకూ పాత రేటే వర్తిస్తుంది. పని ఫిబ్రవరిలో పూర్తయినా సరే, మోటారు దించిన రోజు రాసిచ్చిన చీటీ మీది తేదీనే చూస్తాం.

ఇంత ముందుగా చెప్పడానికి కారణం ఉంది. యాసంగి నాట్లు డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. మోటార్లు ఎక్కువగా కాలేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడు బోర్లలో నీళ్ళు దిగిపోతాయి, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లన్నీ ఒకేసారి నడుస్తాయి, ఓల్టేజీ పడిపోతుంది. పొలం ఎండుతుంటే మోటారు పట్టుకొని వచ్చిన మనిషికి ఆ రోజు కొత్త రేటు చెప్పడం మాకు ఇష్టం లేదు. వానాకాలం వడ్లు అమ్మిన డబ్బు చేతిలో ఉండగానే అనుమానం ఉన్న మోటారును చూపించుకునే వీలు మీకు ఉండాలి.

ఇక పెంపు ఎందుకో చెబుతాం. ఇప్పుడున్న రేట్లు 2023 ఏప్రిల్‌లో పెట్టినవి. అప్పుడు లండన్ మార్కెట్‌లో రాగి టన్ను సుమారు 8,800 డాలర్లు, డాలరు 82 రూపాయలు. అంటే మన లెక్కలో కిలో రాగి దాదాపు 720 రూపాయలు. 2025 నవంబరు మొదట్లో టన్ను 10,800 డాలర్ల దగ్గర ఉంది, డాలరు 88 దాటింది. కిలో దాదాపు 950 రూపాయలు పడుతోంది. అంటే రాగి ధర పెరగడం, రూపాయి విలువ తగ్గడం రెండూ ఒకేసారి మన మీద పడ్డాయి.

2025లో రాగి గనుల్లో వరుసగా ప్రమాదాలు జరిగాయి. జులై నెలాఖరులో చిలీలోని ఎల్ టెనియెంటే గనిలో సొరంగం కూలింది. సెప్టెంబరులో ఇండోనేషియాలోని గ్రాస్‌బర్గ్ గనిలోకి బురద ముంచుకొచ్చి పని ఆగింది. రెండూ ప్రపంచంలోని పెద్ద గనుల్లోవే. మన దేశం సంగతికి వస్తే, తూత్తుకుడిలో ఏడాదికి 4 లక్షల టన్నుల రాగి తీసే ఫ్యాక్టరీ 2018 మేలో మూతపడింది. అప్పటిదాకా శుద్ధి చేసిన రాగిని బయటికి అమ్మిన దేశం ఆ తర్వాత కొనుక్కోవాల్సి వచ్చింది. అందుకే లండన్‌లో ధర కదిలితే కొద్ది రోజుల్లోనే జనగామలో వైండింగ్ తీగ ధర కదులుతుంది.

మేం కొనేది ముద్ద రాగి కాదు. లాగిన తీగకు పైన ప్లాస్టిక్ పొర చుట్టిన పాలీ తీగ కొంటాం, ఎందుకంటే బోరు మోటారు లోపల ఎప్పుడూ నీళ్ళుంటాయి. రాగి ధరకు తీగ లాగిన ఖర్చు, పొర ఖర్చు, 18 శాతం జీఎస్టీ కలిస్తే 2023లో కిలో 900 పడిన తీగ ఇప్పుడు 1,180 పడుతోంది.

ఇప్పుడు 5 హెచ్‌పీ, ఆరంగుళాల బోరు మోటారు లెక్క మొత్తం విప్పి చూపిస్తాం. కోర్ పొడవును బట్టి కొంచెం అటూఇటూ అయినా, అందులో రమారమి 4.2 కిలోల తీగ పడుతుంది. పాత రేటులో తీగకు 3,780, కూలికి 1,400, స్లాట్ కాగితం, టేపు, జాయింటు సామానుకు 320, అన్నీ కలిపి 5,500. కొత్త రేటులో తీగకు 4,956, కూలికి 1,700, చిన్న సామానుకు 350, మొత్తం 7,006. ఆరు రూపాయలు వదిలేసి 7,000 అంటున్నాం. అంటే పెరిగిన 1,500లో 1,176 తీగదే. మూడు వందలు కూలి. మిగతాది టేపులు, కాగితాలది.

కూలి ఎందుకు పెంచామో కూడా చెప్పాలి. ఇంట్లో ఫ్యానుకైతే తెరిచి ఉన్న స్లాట్లలో, అంటే తీగ కూర్చునే గాడుల్లో, కాయిల్ కట్ట ఒకేసారి కూర్చోబెట్టొచ్చు. బోరు మోటారులో తిరగకుండా ఉండే స్టేటర్ భాగంలో స్లాట్లు దాదాపు మూసిన గొట్టాల్లా ఉంటాయి. తీగను ఈ చివర దూర్చి ఆ చివర లాగి, మళ్ళీ ఇంకో స్లాటులోంచి వెనక్కి తేవాలి. ముందు స్లాటు నిండా తీగ లావే ఉన్న ఇనుప పుల్లలు పెట్టి, ఒక్కో పుల్ల తీస్తూ దాని జాగాలో ఒక్కో చుట్టు లాగుతాం. పుల్ల లేకుండా లాగితే తీగలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, చివరి చుట్లకు చోటు ఉండదు. బలవంతంగా లాగితే స్లాటు అంచు తగిలి పొర గీరుకుపోతుంది. ఆ గీత కంటికి కనపడదు, నీళ్ళలో వేసి, కరెంటు లీకు కొలిచే మెగ్గర్ పెడితేనే బయటపడుతుంది. 24 స్లాట్ల మోటారుకు ఒక మేస్త్రీకీ, ఒక హెల్పరుకూ దాదాపు రోజంతా పడుతుంది. ఈ పని తెలిసిన మేస్త్రీలు పట్నం పోతే ఇక్కడికన్నా ఎక్కువ సంపాదిస్తారు. వాళ్ళను ఇక్కడ నిలుపుకోవడానికే ఆ 300.

పాత రాగి లెక్క ఇది. కాలిన మోటారులోంచి తీసిన తీగ మీ సొత్తు. దాన్ని మీ ముందే తూకం వేస్తాం. 5 హెచ్‌పీ మోటారులో చివర్లు కోయగా పోయింది పోను, పొరతో కలిపి 3.9 కిలోల దాకా వస్తుంది. కొత్త తీగలో కిలోకు దాదాపు 100 గ్రాములు ప్లాస్టిక్ పొరే ఉంటుంది. కాబట్టి పొర తీశాక చేతికి వచ్చే రాగి మూడున్నర కిలోలు. 2023లో ఇలాంటి కాలిన రాగికి కిలోకు 500 ఇచ్చాం, ఫిబ్రవరి నుంచి 680 ఇస్తాం. అప్పుడు 5,500లోంచి 1,750 పోతే మీరు కట్టింది 3,750. ఇప్పుడు 7,000లోంచి 2,380 పోతే మీరు కట్టేది 4,620. పైకి 1,500 పెరిగినట్టు కనపడినా మీ చేతి నుంచి అదనంగా పోయేది 870 రూపాయలు.

అందుకే ఎక్కడ మోటారు కట్టించినా, మా దగ్గర అయినా ఇంకెక్కడ అయినా, రేటు అడిగే ముందు పాత రాగి ఎవరిదో అడగండి. "మా దగ్గర 5,000కే అయిపోతుంది" అనే మాటలో పాత రాగి వాళ్ళకే అన్న షరతు ఉంటే, అది మీకు మా రేటు కన్నా 380 రూపాయలు ఎక్కువే పడుతుంది. రాగి మీరే ఇంటికి తీసుకుపోతామంటే అదీ సరే, సంచిలో వేసి ఇస్తాం, అప్పుడు 7,000 పూర్తిగా కట్టాలి. తీసిన తీగను కోసి చూస్తే లోపల వెండి రంగు కనపడితే అది అల్యూమినియం, లేదా రాగి పూత వేసిన అల్యూమినియం. దానికి రాగి ధర రాదు. అలాంటి మోటారు వస్తే విప్పగానే మీకు ఫోను చేసి, ముక్క కోసి చూపించాకే పని మొదలుపెడతాం.

రేటు పెంచకుండా నెట్టుకొచ్చే దారులు లేవా అంటే, ఉన్నాయి. మూడు దారులున్నాయి, మూడూ మేం వద్దనుకున్నాం.

మొదటిది తీగ సన్నం చేయడం. 1.2 మిల్లీమీటర్ల తీగ ఉన్న చోట 1.1 వేస్తే చూపుకు తేడా తెలియదు. కానీ తీగ అడ్డుకోత వైశాల్యం 16 శాతం తగ్గుతుంది, రెసిస్టెన్స్ 19 శాతం పెరుగుతుంది. అదే కరెంటు పారినప్పుడు వైండింగులో పుట్టే వేడి కూడా 19 శాతం పెరుగుతుంది. 4.2 కిలోల చోట మూడున్నర కిలోల పైచిలుకుతో పని అయిపోతుంది, 700 రూపాయల దాకా మిగులుతుంది. మోటారు మొదటి రోజు బాగానే నడుస్తుంది. ఏప్రిల్‌లో ఓల్టేజీ పడి ఆంప్స్ పెరిగినప్పుడు ఆ వేడికి పొర మెత్తబడి ఒక చుట్టు ఇంకో చుట్టుతో కలుస్తుంది.

రెండోది చుట్లు తగ్గించడం. స్లాటుకు రెండు మూడు చుట్లు తగ్గించినా రాగి మిగులుతుంది. అప్పుడు మోటారు పంపు బిగించకుండా ఖాళీగా తిప్పినా ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. ఈ మోసాన్ని పట్టుకోవడం తేలిక: షాపులోనే క్లాంప్ మీటర్ పెట్టి నో-లోడ్ ఆంప్స్ చూపించమని అడగండి. కాలక ముందు ఎంత ఉండేదో తెలిస్తే సరి, లేదంటే అదే కంపెనీ అదే హెచ్‌పీ ఇంకో మోటారుతో పోల్చి చూడొచ్చు.

మూడోది అల్యూమినియం తీగ. అల్యూమినియం రాగిలో 61 శాతమే కరెంటు మోస్తుంది. రాగితో సమానం కావాలంటే తీగ వ్యాసం దాదాపు 28 శాతం పెంచాలి. రాగికని కోసిన స్లాటులో అంత లావు తీగ పట్టదు. పట్టేంత తీగే వేస్తే వేడెక్కుతుంది. అల్యూమినియం తీగతోనే తయారైన మోటార్లు వేరు, వాటి స్లాట్లు, కోర్ దానికి తగ్గట్టు చేసి ఉంటాయి. రాగి మోటారులో అల్యూమినియం వేయడం మాత్రం మేం ఒప్పుకోం, మీరు అడిగినా వేయం.

ఫిబ్రవరి నుంచి ప్రతి మోటారుకూ ఒక చీటీ ఇస్తాం. మోటారు విప్పినప్పుడు మైక్రోమీటర్‌తో కొలిచిన పాత తీగ గేజ్, స్లాటుకు ఎన్ని చుట్లు, తీసిన రాగి బరువు దాని మీద ఉంటాయి. కట్టాక వేసిన తీగ గేజ్, చుట్లు, బరువు రాస్తాం. బరువు తెలుసుకోవడానికి తీగ చక్రాన్ని పని ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి తూకం వేస్తాం. తేడా ఎంతో అంతే తీగకు డబ్బు. పైన చెప్పిన 7,000 అనేది 4.2 కిలోల లెక్క, మీ మోటారులో 3.8 కిలోలే పడితే దానికి తగ్గట్టు 472 రూపాయలు తగ్గిస్తాం. పనయ్యాక మోటారులో మంచినీళ్ళు నింపి ఒక రాత్రి ఉంచి, తెల్లారి 500 ఓల్టుల మెగ్గర్‌తో చూసిన రీడింగు, మూడు ఫేజుల రెసిస్టెన్స్, నో-లోడ్ ఆంప్స్ కూడా అదే చీటీ మీద ఉంటాయి. మూడు ఫేజుల రెసిస్టెన్స్ దాదాపు ఒకటే ఉండాలి. ఒకటి తేడాగా ఉంటే ఆ ఫేజులో చుట్లు తప్పాయనో, జాయింటు సరిగా పడలేదనో అర్థం. అలాంటి మోటారును బయటికి ఇవ్వం.

కొన్నిటి రేటు మారడం లేదు. బుష్‌లు, థ్రస్ట్ బేరింగ్, సీలు కొన్న ధరకే వేస్తాం, వాటి బిగింపు కూలి వైండింగ్ కూలిలోనే ఉంటుంది. కేబులు జాయింటు ఒక్కటే చేయించుకుంటే ఇప్పుడున్న రేటే. రీవైండింగ్‌కు మేం ఇచ్చే ఆరు నెలల గ్యారంటీ కూడా అలాగే ఉంటుంది. కాకపోతే సింగిల్ ఫేజింగ్‌తో, అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఆగక నడిచి కాలితే గ్యారంటీ రాదన్న పాత షరతూ ఉంటుంది. దాన్ని మా నోటి మాట మీద నమ్మక్కర్లేదు, మోటారు విప్పగానే మీరే చూడొచ్చు. స్టార్ కట్టిన మోటారులో ఒక ఫేజు పోతే, రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడి మూడోది కొత్తదానిలా మిగిలి ఉంటుంది. డెల్టా కట్టినదైతే ఒక్క ఫేజే మాడుతుంది. లో ఓల్టేజీకో, ఎక్కువ లోడుకో కాలితే మూడూ ఒకేలా నల్లబడతాయి. ఒకే చోట చిన్న మచ్చలా కాలి మిగతాదంతా శుభ్రంగా ఉంటే పొర గీరుకుపోయినట్టు. అది మా పని లోపం, ఉచితంగా మళ్ళీ కడతాం.

మా షాపుకు వచ్చే మోటార్లలో సింగిల్ ఫేజింగ్‌తో కాలినవే ఎక్కువ. స్టార్టరులో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకపోవడం, ఉన్నా దాన్ని తప్పించి డైరెక్టు కట్టడం, ఓవర్‌లోడ్ రిలేను నేమ్‌ప్లేట్ ఆంప్స్ కన్నా పైకి తిప్పి పెట్టడం, ఫ్యూజు పోతే లావు తీగ చుట్టడం, ఇవే కారణాలు. ఆటో స్టార్టర్ ఉంటే ఇంకా ప్రమాదం, ఫేజు సరిగా ఉందా లేదా చూసే మనిషి అక్కడ ఉండడు. ఈ పెంపు మీకు భారం కాకుండా ఉండాలంటే ముందు చేయాల్సింది స్టార్టరును సరిచేసుకోవడం. డిసెంబరు, జనవరి నెలల్లో మీ స్టార్టరును షాపుకు తెస్తే ప్రివెంటర్ పని చేస్తోందో లేదో ఒక ఫేజు తీసి పరీక్షించి, రిలేను మీ మోటారు నేమ్‌ప్లేట్ ప్రకారం సెట్ చేసి ఇస్తాం. దానికి డబ్బు తీసుకోం. నేమ్‌ప్లేట్ మీది ఆంప్స్ రాసుకొని రండి, లేదా ఫోనులో ఫొటో తీసుకొని రండి.

అలాగే ఈ రెండు నెలల్లో మోటారు బయటికి తీయకుండానే దాని స్థితి తెలుసుకోవచ్చు. మెయిన్ ఆఫ్ చేసి, స్టార్టరు దగ్గర కేబులు విప్పి, ఒక్కో వైరుకూ భూమికీ మధ్య మెగ్గర్ పెడితే చాలు. 2 మెగా ఓమ్‌ల పైన ఉంటే మోటారు బాగున్నట్టే. అర నుంచి 2 మధ్య ఉంటే పాత మోటారుకు అది మామూలే, ఇప్పుడు కదిలించక్కర్లేదు. అర మెగా ఓమ్ కన్నా తగ్గితే తేమ దిగిందని అర్థం. అలాంటి మోటారు ఇంకా నీళ్ళు పోస్తూనే ఉండొచ్చు, కానీ ఎండాకాలం గట్టెక్కుతుందని నమ్మలేం. అయితే రీడింగు తగ్గినంత మాత్రాన వైండింగ్ పోయిందని అనుకోవద్దు. చాలాసార్లు కేబులు జాయింటులోకి నీళ్ళు పోయి ఉంటాయి. మోటారు పైకి తీసి, జాయింటు కోసేసి, మోటారు వైర్ల దగ్గర మళ్ళీ మెగ్గర్ పెట్టాలి. అప్పుడు రీడింగు పైకి వస్తే జాయింటు ఒక్కటే మార్చి దించేయొచ్చు. ఈ రెండో పరీక్ష చేయకుండా వైండింగ్ విప్పడానికి ఎవరికీ ఒప్పుకోకండి.

రాగి ధర తగ్గితే ఏం చేస్తారని అడుగుతారు. తీగ ధర కిలోకు 50 రూపాయలు మించి తగ్గితే ఆ తగ్గింపు మొత్తం తీగ లెక్కలో మీకు ఇస్తాం. తీగ కొన్న బిల్లు షాపులో గోడకు తగిలించి ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ధర పెరిగితే మాత్రం 2026 మే 31 దాకా, అంటే యాసంగి అయిపోయేదాకా, ఈ రేట్లు మళ్ళీ పెంచం. ఆ మాట నిలబెట్టుకోవడానికి సీజనుకు సరిపడా తీగ ఇప్పుడే కొంటున్నాం.

కొత్త రేటు ఒకేసారి కట్టడం కష్టమైన వాళ్ళు మోటారు దించినప్పుడే చెప్పండి. పాత రాగి డబ్బు పోను మిగిలిన దాంట్లో సగం మోటారు తీసుకుపోయేటప్పుడు, సగం యాసంగి వడ్లు అమ్మాక ఇవ్వొచ్చు. వడ్డీ లేదు. మెగ్గర్ పరీక్షకు మేం పొలానికి రావాలంటే ఒకే ఊరి నుంచి నలుగురైదుగురు కలిసి పేర్లు ఇవ్వండి, ఒకే రోజు వచ్చి అన్నీ చూసి పోతాం. డిసెంబరు 1 నుంచి పేర్లు రాసుకుంటాం.

ఇట్లు,
వైండింగ్ షాపు మేస్త్రీలు, పనివాళ్ళు